చాయ్ మీద పడ్డ నింద

మూడో నెలలోనే నా గర్భం పోయింది. నిందంతా చాయ్ మీద, ఆ చాయ్ తాగిన నా మీద పడింది.

మా అత్త ఎల్లమ్మ ఆ వారమే చాయ్‌పత్తి డబ్బా తన బీరువాలో పెట్టి తాళం వేసింది. అల్వాల్‌లోని మా ఇంటికి ఎవరు పరామర్శకు వచ్చినా వాళ్లకు చాయ్, నాకు పాలు. ఎందుకని అడగకముందే ఆమే చెప్పేది: "మూడు పూటల చాయ్ తాగుడే. వద్దంటే ఇన్నదా? వేడి చేసి పోయింది." వాళ్లు జాలిగా చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. అయినా సిగ్గులేకుండా నేనూ నమ్మాను. ఆఫీసులో తాగే ఆ మూడో కప్పు మానేసి ఉంటేనా అని ఏడవని రోజు లేదు.

రెండు నెలల తర్వాత నా భర్త హరికిషన్‌తో ఆస్పత్రికి వెళ్లినప్పుడు డాక్టర్ బ్యూలాను అదే అడిగాను.

"ఎంత కప్పు? కాఫీ, కూల్‌డ్రింకులు కూడా తాగేదానివా?"

"చిన్న కప్పే మేడం. ఇంట్ల రెండు, ఆఫీసుల ఒకటి. వేరే ఏం లేవు."

ఆవిడ కాగితం మీద లెక్క వేసింది. "చిన్న కప్పు చాయ్‌లో కెఫీన్ ముప్పై, నలభై మిల్లీగ్రాములు. బాగా మరిగించారు, యాభై అనుకుందాం. మూడు కప్పులకు నూట యాభై. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు నాలుగు వందల దాకా పర్వాలేదు. గర్భంతో ఉంటే రెండు వందలు దాటొద్దంటాం. నువ్వు దాటలేదు. ఇంత తొందరగా పోయేవాటిలో ఎక్కువ శాతం పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. నువ్వు చేసిన తప్పేం లేదమ్మా."

అక్కడే ఏడ్చేశాను. హరికిషన్ మాత్రం కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. బయటికి రాగానే నిలదీశాను.

"నాకు ఎరుకే," అన్నాడు. "ఆ వారమే ఫోన్ల చూసిన. రెండొందల దాకా ఏం కాదనే ఉండె."

"మరి చెప్పలేదేంది?"

"అమ్మ శాన పరేషాన్ల ఉండె. ఏదో ఒక కారణం దొరికితే నిమ్మళమైతదనుకున్న."

రెండు నెలలు! తల్లి నిమ్మళం కోసం నన్ను దోషిని చేసి పక్కనే కూర్చున్నాడు. "ఇవాళ నువ్వే చెప్పాలె," అన్నాను. చెప్తానన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి ఆడపడుచు నవత వచ్చి ఉంది. అత్త అందరికీ చాయ్ పోసి, నాకు పాలు ఇచ్చింది.

"ఏమన్నది డాక్టరమ్మ? చాయ్ బంద్ జేయమన్నదా?"

హరికిషన్ చాయ్ ఊదుకుంటూ ఉండిపోయాడు. ఇక నేనే చెప్పాను. మూడు కప్పులు, నూట యాభై, హద్దు రెండు వందలు, చాయ్ వల్ల కాదు.

అత్త కొడుకు వైపు తిరిగింది. "గట్లన్నదా బిడ్డా?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా," అన్నాడు.

"చూసినవా," అంది అత్త నవతతో, "ఇగ అబద్ధాలు సుత షురూ చేసింది."