రఫ్ లేని ఫోటో

ఆ క్లినిక్‌లో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గదులు ఊడ్చే ఆమె దాకా అందరికీ చుక్కలక్కే. సెలైను సీసాలోంచి నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో లెక్క కట్టడం ట్రైనీలకి నేర్పీ నేర్పీ ఆ పేరు తెచ్చుకుంది. నేర్పడమంటే ఆవిడకి మహా సరదా, నేర్చుకోకుండా బుర్ర ఊపేవాళ్ళంటే మహా చిరాకు. రెండూ ఒకేసారి ముఖంలో కనిపించేవి కాబట్టి కొత్తగా చేరినవాళ్ళు బెదిరిపోయేవారు.

నర్సు లైసెన్సు పరీక్షకి చదివేవాళ్ళ కోసం ఆవిడ ఫోనులో ఒక గ్రూపు నడిపేది. పాత పేపరుదైనా మోడల్ పేపరుదైనా, ఏ ప్రశ్నైనా ఫోటో తీసి పెట్టొచ్చు. షరతు ఒక్కటే. ప్రశ్న కింద వాళ్ళు చేసుకున్న రఫ్ లెక్క కూడా కనపడాలి. తప్పైనా ఫరవాలేదు, సగంలో ఆగిపోయినా ఫరవాలేదు. రఫ్ లేని ఫోటోకి మాత్రం జవాబు రాదు. "నువ్వెక్కడ దారి తప్పావో చూడకుండా నేను దారెలా చెప్పను?" అనేది. రఫ్ ఉంటే ఎంత పొద్దుపోయినా ఓపిగ్గా, అంచెలంచెలుగా రాసి పంపేది.

ఆ గ్రూపులో అందరికన్నా ఎక్కువ రఫ్ పంపింది ఆవిడ మేనకోడలే. తమ్ముడి కూతురు, అదే క్లినిక్‌లో ట్రైనీ. కిందటిసారి పరీక్ష నాలుగు మార్కుల్లో పోయింది. ట్రైనీలకి క్లినిక్ ఇచ్చేవి రెండే అవకాశాలు, ఇది రెండోది. ఇదీ పోతే ఉద్యోగం వదిలి ఇంటికెళ్ళాల్సిందే. పిల్లకి శ్రద్ధకి లోటు లేదు, చెయ్యి మంచిది, రోగులతో మాట తీరూ మంచిదే. లెక్కల్లో మాత్రం ఒక మొండి అలవాటు పట్టుకుంది. ప్రశ్నలో చిన్నపిల్ల అన్న మాట కనపడితే చాలు, మిగతా వాక్యం చదవదు. పిల్లలకి సెలైను ఎక్కించడానికి సన్నచుక్కల గొట్టం సెట్టు వాడతారు, దానికి మిల్లీలీటరుకి అరవై చుక్కలు, అంతే, గబగబా అరవై వేసేస్తుంది. సెట్టు అన్నిసార్లూ అదే దొరకదనీ, మామూలు సెట్టుకి ఇరవయ్యేననీ, ప్యాకెట్టు మీద ఎంతని రాసుంటే అంతే వెయ్యాలనీ అత్త నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. చెప్పిన రోజు వింటుంది, వారం తిరిగేసరికి మళ్ళీ అరవై.

పరీక్ష రోజు పొద్దున పదకొండు కావస్తుండగా చుక్కలక్క కట్లు కట్టే గదిలో దూది సర్దుతోంది. ఫోను మోగింది. తమ్ముడు ఒక ఫోటో పంపాడు, కింద నాలుగు ముక్కలు రాశాడు. "అక్కా, మోడల్ పేపరు. ఈ పది ప్రశ్నలకీ ఏ, బీ, సీ, డీ ఏదో అది రాసి పంపు చాలు. వివరం వద్దు. తొందర."

తమ్ముడు టైలరు. పరీక్ష హాలు ఎదురుగా చెట్టు నీడలో కూర్చుని కూతురి కోసం ఎదురుచూస్తున్నాడని ఆవిడకి తెలుసు. పాపం, ఊరికే కూర్చోలేక ఎవరి దగ్గరో మోడల్ పేపరు సంపాదించాడు కాబోలు అనుకుంది. అలవాటు కొద్దీ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి ప్రశ్న చదివింది.

చిన్నపిల్లకి తొంభై మిల్లీలీటర్లు మూడు గంటల్లో ఎక్కించాలి. ఉన్న సెట్టు మిల్లీలీటరుకి ఇరవై చుక్కలది. నిమిషానికి ఎన్ని చుక్కలు?

తొంభై ఇరవైలు పద్దెనిమిది వందలు, మూడు గంటలంటే నూట ఎనభై నిమిషాలు. పది చుక్కలు. లెక్క మనసులో అయిపోయింది. జవాబుల్లో ముప్ఫై కూడా ఉంది. అరవై వేసినవాళ్ళు పడాల్సిన గొయ్యి అది. మంచి ప్రశ్న, ఎవరు తయారుచేశారో గానీ అని మెచ్చుకుంటూ అక్షరం నొక్కబోయింది.

వేలు అక్కడే ఆగింది. రఫ్ ఏది?

ఫోటోని పెద్దది చేసి చూసింది. కాగితం మీద ఒక్క పెన్సిలు గీత లేదు. పైన కుడివైపు సిరీస్ సీ అని, పక్కన ఏడంకెల బుక్‌లెట్ నంబరు. మోడల్ పేపరు వేల కాపీలు వేసినా అన్నీ ఒకటే, దానికి నంబరెందుకు? అంచున పరీక్ష బల్ల చెక్క, ఎవరిదో బొటనవేలు. కింద ఆ రోజు తేదీ. ఇది మోడల్ పేపరు కాదు.

వెంటనే ఫోను చేసింది. "ఒరేయ్, ఇది ఏ సంవత్సరం పేపరు?"

"ఏదో ఒకటిలే అక్కా. ముందు జవాబులు పంపు."

"రఫ్ ఎవరిది? ఎవరు చేసి ఎక్కడ ఆగిపోయారు?"

తమ్ముడు ఇక దాచలేక అంతా బయటపెట్టాడు. లోపల ఎవడో ఫోను దాచుకుని వెళ్ళి ఫోటో తీసి పంపాడట. గేటు దగ్గరున్న ఒక మనిషి దాన్ని పట్టుకుని, జవాబులు రాయగలిగినవాళ్ళ కోసం వెతుకుతున్నాడట. మా అక్క రాస్తుందని ఇతగాడు ఛాతీ విరిచి చెప్పాడట. రాయిస్తే నీళ్ళ క్యాన్లు మోసే అతని చేత పిల్లకీ ఒక చీటీ పంపిస్తానని ఆ మనిషి మాటిచ్చాడట.

"పిల్లకి తెలుసా?"

"తెలియదు. దాని మీద ఒట్టు, తెలియదు."

చుక్కలక్క స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ మొదటి ప్రశ్న పిల్ల తప్పే చేస్తుంది. అది ఆవిడకి తన చేతి రేఖలంత స్పష్టంగా తెలుసు. ఒక్క అక్షరం పంపితే ఒక మార్కు, పది పంపితే పది, పిల్ల ఉద్యోగం నిలబడుతుంది. ఆవిడకి ఆశ పుట్టలేదని ఎవరైనా అంటే నమ్మకండి. పుట్టింది, గట్టిగానే పుట్టింది.

"పంపనురా," అంది.

"ఏం, ఊళ్ళోవాళ్ళందరి పేపర్లకీ జవాబులు రాస్తావు, నా కూతురి దగ్గరికొచ్చేసరికి నీతులా?" తమ్ముడి గొంతు లేచింది. "నిన్న పంపిన పేపరుకీ దీనికీ తేడా ఏంటి? అవీ ప్రశ్నలే, ఇవీ ప్రశ్నలే."

ఆవిడకి ఒళ్ళు మండింది. కానీ తిడితే వీడి చెవికెక్కదు. వీడికి ఎక్కే భాష ఒకటుంది.

"నువ్వు జాకెట్టు కుట్టేటప్పుడు ముందు కొలత తీస్తావు కదా. తొడుక్కునే మనిషిది కాకుండా పక్కింటామెది తీస్తావా?"

"ఇప్పుడు జాకెట్ల గొడవ ఎందుకక్కా?"

"చెప్పు."

"తియ్యను. వంటికి పట్టదు."

"మరి ట్రయల్ వేసినప్పుడు?"

"అప్పుడు ఎన్నిసార్లైనా కుట్లు విప్పొచ్చు. దానికేగా ట్రయల్."

"నిన్నటి పేపరు ట్రయల్‌రా. ఎన్నిసార్లు తప్పినా విప్పి కుట్టేదాన్ని. అందుకే వివరమంతా రాసేదాన్ని. ఈ రోజు కొలత తీస్తున్నారు. పిల్లకి ఎంత వచ్చో వాళ్ళకి తెలియాలి. నేను రాసి పంపితే నా కొలత పడుతుంది, వార్డులో నిలబడేది మాత్రం అది. ఆ మొదటి ప్రశ్నలో అది ముప్ఫై అంటుంది చూడు. మామూలు సెట్టుతో ముప్ఫై చుక్కలు వదిలితే మూడు గంటల నీళ్ళు గంటలో ఎక్కుతాయి. పసిదానికి ఆయాసం వస్తుంది, ప్రాణం మీదికొస్తుంది. ఆ లెక్క దానికి రాదని దానికే తెలియకుండా లైసెన్సు చేతిలో పెట్టమంటావా? లోపల ఇంకో నాలుగొందల మంది కూర్చుని సొంతంగా రాస్తున్నారు, వాళ్ళేం పాపం చేశారు?"

 

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు తమ్ముడు. గొంతులో ఉడుకంతా చల్లారిపోయింది.

"లోపలికెళ్ళి సూపరింటెండెంటుకి చూపించు. ఎవరిచ్చారో చెప్పు. ఇంకెవరికీ పంపకు. అరగంటలో నువ్వు వెళ్ళకపోతే నేను ఫోను చేస్తాను. నీ పేరు కూడా చెప్తాను."

"పరీక్షే రద్దు చేస్తే?"

"చేస్తే మళ్ళీ చదువుతుంది." ఆ మాట అనడం ఆవిడకి తేలిక కాలేదు.

తమ్ముడు వెళ్ళాడు. చీటీ పంపించడానికి ఒప్పుకున్నవాడు, తనంతట తాను వెళ్ళి తలవంచుకుని చెప్పాడు, రాసిచ్చి సంతకం పెట్టాడు. బుక్‌లెట్ నంబరు చూసి ఫోటో ఎవరి బల్ల మీదిదో పది నిమిషాల్లో పట్టుకున్నారు. గేటు మనిషి మాత్రం గోడ పక్కనుంచి జారుకున్నాడు. తమ్ముడు బయటికొచ్చేముందు సూపరింటెండెంటు జాబితా చూసి ఒక మాట చెప్పాడట. అమ్మాయిది సిరీస్ ఏ. ఫోటోలోది సీ. రెండింట్లో జవాబుల వరస వేరు, పైనుంచి కిందకి ఆ అక్షరాలే దించితే అన్నీ తలకిందులే. ఆ సంగతి చెప్తూ తమ్ముడు ముఖం చెల్లక నేల చూపులు చూశాడు.

పిల్లకి ఆ సాయంత్రమే అంతా చెప్పేశారు. ఏడ్చింది, తండ్రి మీద అలిగింది, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పరీక్ష ఉంటుందో రద్దవుతుందో తెలియని రెండు వారాలు ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. పిల్ల రాసినవాటి గురించి అత్తని ఏదో అడగబోతే, "బోర్డు పేపరు బయటపెట్టనీ, అప్పుడు మాట్లాడుకుందాం" అని చుక్కలక్క ఆపేసింది. మళ్ళీ అవే ప్రశ్నలతో పరీక్ష పెడతారేమో, ఎవరికి తెలుసు?

మూడో వారంలో బోర్డు చెప్పింది. ఫోటో ఎక్కువమందికి పాకకముందే దొరికింది కాబట్టి పరీక్ష నిలబడుతుంది, తీసినవాడి పేపరు ఒక్కటే చెల్లదు. ఆ రోజే ప్రశ్నపత్రమూ సరైన జవాబులూ అందరికీ కనపడేలా పెట్టింది.

మధ్యాహ్నం చుక్కలక్క ఫోనుకి గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. అదే ప్రశ్న. చిన్నపిల్ల, తొంభై, మూడు గంటలు, ఇరవై చుక్కల సెట్టు. ఈసారి కింద మేనకోడలి గుండ్రటి చేతిరాతలో రఫ్ ఉంది. తొంభై ఇంటూ అరవై అని మొదలుపెట్టి ముప్ఫై దగ్గర తేలింది. దాని కింద రాసింది, "హాల్లో ఇలాగే చేశాను అత్తా. తప్పని ఇప్పుడు తెలిసింది. ఎక్కడ తప్పానో కూడా తెలిసింది. అయినా నువ్వు చెప్పు."

చుక్కలక్క చెప్పింది. ఆ రోజు పంపకుండా మిగిలిపోయిందంతా పంపింది. ప్యాకెట్టు ముందు చదవమంది, ఆ తర్వాతే రోగి వయసు చూడమంది, ముప్ఫై వదిలితే ఏమవుతుందో నిమిషం నిమిషం లెక్క కట్టి చూపించింది. అది చదివి గ్రూపులో తొమ్మిది మంది మాకూ ఇదే పోయిందని రాశారు.

ఆ ప్రశ్న పోయినా పిల్ల రెండు మార్కుల మిగులుతో గట్టెక్కింది. తమ్ముడు మిఠాయి పొట్లం పట్టుకుని క్లినిక్‌కి వచ్చాడు. దాన్ని అక్క చేతిలో పెట్టి, "నీ కొలత పడకపోవడమే మంచిదైంది," అన్నాడు. అక్క నవ్వి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

లైసెన్సు వచ్చిన నెలకి పిల్లల వార్డులో ఒక సాయంత్రం సన్నచుక్కల సెట్లు అయిపోయాయి. స్టోరు నుంచి మామూలువి పంపారు. ఒక పసిదానికి తొంభై మిల్లీలీటర్లు మూడు గంటల్లో ఎక్కించాలి. చుక్కలక్క తలుపు దగ్గర నిలబడి చూస్తోంది, లోపలికి వెళ్ళలేదు. మేనకోడలు మంచం పక్కన ప్యాకెట్టు చింపబోయి ఆగింది. దీపం కిందకి పట్టుకుని దాని మీది అంకె చదివింది. జేబులోంచి కాగితం ముక్క తీసి రఫ్ చేసుకుంది. తర్వాత గడియారం చూస్తూ, పెదాలు కదుపుతూ, చుక్కలు లెక్కపెట్టింది.

నిమిషానికి పది.