గింజలు పోస్తేనే ఊగే ముల్లు

పిండిమర మోటారు మీద నాకు అనుమానం మొదలై నెలైంది. గింజలు పోయగానే వేగం తగ్గి పిండి బరకగా వస్తోంది. కరెంటు చూపించే మీటరులో ముల్లు అటూ ఇటూ ఊగుతోంది. భుజాన పాపను జోకొట్టే నా చెయ్యి కూడా ఆ ఊపుతోనే పడుతోంది. దూరాన పనిచేసే మా ఆయనకు ఫోనులో చెబితే నవ్వారు.

"నిద్రలేక నీకలా కనిపిస్తోంది. మెకానిక్ కూడా ఏం లేదంటే మర మూసేసి మీ అమ్మగారింటికి వెళ్లిపో."

మెకానిక్ వచ్చి, బెల్టు తీసి మోటారు నడిపాడు. ముల్లు ఊగలేదు.

"బంగారంలా ఉందమ్మా. భయం మీకే పట్టింది."

"ఖాళీగా తిరిగితే ఏదైనా బంగారమే బాబాయ్. బెల్టు తగిలించి గింజలు పోయండి."

విసుక్కుంటూనే పోశాడు. మోటారు మందగించింది, ముల్లు ఊగింది. ఇంకాస్త పోస్తే ఇంకా వడిగా ఊగింది. అతను మోటారు ఆపి, విప్పి, లోపల తిరిగే రోటరును బయటికి తీశాడు. దాని చుట్టూ ఉన్న కడ్డీల్లో రెండు చివర విరిగి నల్లగా కమిలి ఉన్నాయి.

"ఇన్నాళ్లూ ఎలా లాగిందమ్మా ఇది! కడ్డీలు మారుస్తా, మళ్లీ తిరుగుతుంది."

మా ఆయనకు ఫోను చేశాను. ఎత్తలేదు. మర మూయక్కర్లేదని పాపకే చెప్పాను.