అంచున నాలుగు చుక్కలు

మా ఇంజనీరు కోపం వచ్చినా అరవడు, అదే నా ఖర్మ. మెల్లగా అడిగాడు: "రెసిస్టెన్స్ యాభై ఓములు రావాల్సింది ముప్పై ఏడేమిటి?"

కొలిచే మెషీను మూత దించి మళ్లీ కొలిచాను. చిప్పులు తయారయ్యే పల్చటి సిలికాన్ బిళ్ల, అదే వేఫర్, దాని నడిమధ్య నాలుగు సూదులు వాలాయి. చివరి రెండిట్లో కరెంటు, లోపలి రెండిటి మధ్య వోల్టేజి. ముప్పై ఏడే. కరెంటు తిప్పి పంపాను. మళ్లీ అంతే! ఫర్నేస్‌లో పెట్టిన వేఫర్లన్నిటికీ రెసిస్టెన్స్ తగ్గించే మందు ఎక్కువ పట్టింది. పై పొర పాడైపోయింది.

ఫర్నేస్ నడిపేది మా మావయ్య. అమ్మ తమ్ముడు. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. ఇంకొక్క పొరపాటు జరిగితే ఇంటికి పంపిస్తామని ఆయనకు ముందే చెప్పి ఉంచారు.

"టైమెందుకు పెంచారు?" అన్నాడు ఇంజనీరు, పక్కనే ఉన్న మావయ్యతో.

"నిన్నటి టెస్ట్ వేఫర్‌కి అరవై ఏడు వచ్చింది సార్. తగ్గాలంటే ఇంకాసేపు ఉంచాలి కదా."

ఆ అరవై ఏడు రాసింది నేనే. అయిదు చోట్ల కొలవాలి. నిన్న కబుర్లలో పడి ఒక్కచోటే కొలిచి చేతులు దులుపుకున్నాను. వేఫర్ పక్కకు జరిగి ఉందేమో, చూస్తే కదా! అంచు దగ్గర కరెంటుకు పరుచుకోవడానికి చోటుండదు, వోల్టేజి పెరుగుతుంది, అంకె అబద్ధం చెబుతుంది. మాస్కు లోపల నా ఊపిరి నాకే వేడిగా తగిలింది. చెబితే నా ఉద్యోగం, చెప్పకపోతే ఆయనది. ఎటు కదిలినా గోడే.

"ఆ టెస్ట్ వేఫర్ తెండి. మళ్లీ కొలుద్దాం."

"పొద్దున నా చేతిలోంచి జారి పగిలిపోయింది సార్," అన్నాడు మావయ్య, తడుముకోకుండా.

అది నా డబ్బాలో చెక్కుచెదరకుండా ఉంది. పొద్దున వేఫర్లు ఫర్నేస్‌లోంచి తీశాక ఆయన మైక్రోస్కోపు దగ్గర వంగి ఉండటం చూశాను, ఏంటని అడగలేదు. సూదులు గుచ్చిన చోట నాలుగు చుక్కలు మిగులుతాయి. అవెక్కడున్నాయో ఆయన చూసేశాడు.

"అయితే తప్పు మీదే. ఈ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లండి. రేపట్నుంచి రావద్దు."

మావయ్య పెన్ను అందుకున్నాడు. మాస్కు పైన ఆయన కళ్లు నన్ను బతిమాలుతున్నాయి. ఒళ్లు మండిపోయింది నాకు. ఈ దయతో రోజూ ఈ మెషీను ముందు ఎలా కూర్చోవాలి?

"మావయ్య అబద్ధం చెబుతున్నాడు సార్."

"నోర్ముయ్యవే!" చిన్నప్పట్నుంచి నన్ను ఒక్క మాట అనని మనిషి అరిచాడు.

డబ్బా తీసి వేఫర్‌ను మైక్రోస్కోపు కింద పెట్టాను. ఇంజనీరు వంగి చూశాడు. అంచుకు మిల్లీమీటరు దూరంలో, వరసగా నాలుగు చుక్కలు.

"ఎవరు కొలిచారిది?"

"నేనే సార్."

మావయ్య పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది. నా వైపు చూడలేదు. ఇంజనీరు మెల్లగా ఆ పెన్ను తీసుకుని నాకిచ్చాడు.