రెండు యాడ కూర్చోవాల

శ్రీనివాసులు సారుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆళ్లగడ్డలో ఇంటర్ పిల్లలకు ఇరవై రెండేండ్లుగా లెక్కలు చెప్తాన్నాడు. అన్నేండ్లలో ఆయనకు సుద్దముక్కల కన్నా ఓపికే తొందరగా అరిగిపోయింది. మనిషి చెడ్డోడు కాదు, పిల్లలను సెలవుల్లో కూడా పిలిచి ఊరికే చెప్తాడు. కాకపోతే తప్పు కనపడిందంటే చాలు, ఒంట్లో ఎవరో పొయ్యి ముట్టించినట్టు అయిపోతాడు.

ప్రతి వేసవిలో ఆయన పొద్దున్నే బస్సెక్కి నంద్యాలకు వస్తాడు, ఇంటర్ పరీక్ష పేపర్లు దిద్దేదానికి. ఆ పనిలో ఆయనకొక గొప్ప ఉంది. దిద్దేవాళ్ల మీద ఒక చీఫ్ ఉంటారు. దిద్దిన పేపర్లలో కొన్నింటిని చీఫ్ మళ్లా చూస్తారు, మార్కు తప్పని తేలితే దిద్దినాయన్నే పిలిపిస్తారు. ఆయన పాత మార్కు కొట్టేసి, కొత్తది వేసి, పక్కన సంతకం పెట్టాల. "ఇరవై రెండేండ్లలో ఆ సంతకం నేను ఒక్కసారి కూడా పెట్టలేదప్పా" అని శ్రీనివాసులు సారు టీ తాగేకాడ కనపడినోళ్లందరికీ చెప్తాడు. ఒకసారి విన్నోళ్లకు కూడా మళ్లా చెప్తాడు.

ఈ ఏడు ఆయన గదికి చీఫ్‌గా వచ్చింది పూర్ణిమ. ఒకప్పుడు ఆయన క్లాసులో రెండో బెంచీలో కూర్చుని, ఒక్కో డౌటు నాలుగుసార్లు అడిగిన పిల్లే. ఇప్పుడు నంద్యాలలోనే లెక్చరర్. మొదటి రోజు సారు ఛాతీ విరుచుకుని "మా పిల్లేనప్పా" అని గదంతా చాటినాడు. అయితే లోపల యాడో చిన్న ముల్లు గుచ్చుకుంటానే ఉంది. తాను లెక్కలు నేర్పిన పిల్ల, ఇప్పుడు తన లెక్క చూస్తుందన్నమాట.

మూడో రోజు పొద్దున పదిన్నరకే గది కాలిపోతాంది. ఫ్యాన్లు తిరుగుతాన్నాయి గానీ వేడిగాలినే అటునుంచి ఇటు తోస్తాన్నాయి. సారు చేతికొచ్చిన పేపర్లో ఒక రెండు మార్కుల లెక్క ఉంది. x సున్నాకు పోతాంటే sin 3x కింద sin 5x ఎంతకు పోతుంది అని. రాసినోళ్లు ఏం చేసినారంటే, పైన sin, కింద sin, రెండింటి మీదా ఏటవాలుగా గీత గీసి కొట్టేసినారు. తర్వాత పైన x, కింద x, అవీ కొట్టేసినారు. మిగిలింది మూడు బై ఐదు. అదే జవాబు. అదే సరైన జవాబు కూడా, అదీ సారు కడుపుమంట.

ఆయన పెద్ద సున్నా చుట్టినాడు. పక్క కుర్చీలో గోస్పాడు నుంచి వచ్చిన సంజీవయ్య తొంగి చూసి, జవాబు కరెక్టే కదన్నా, ఒక్క మార్కన్నా ఎయ్యి, పిల్లలు బతికిపోతారు అన్నాడు. సంజీవయ్య జాలిగుండె మనిషి. ఖాళీ పేజీ కనపడినా అర మార్కు యాడన్నా దొరుకుతుందేమో అని వెతికే రకం.

"సంజీవయ్యా, sin అంటే ఏమన్నా అంకెనా కొట్టేసేదానికి? పక్కనున్న దానికి చేసే పని అది. దోసెలోంచి కాల్చడాన్ని కొట్టేస్తానంటే ఎట్ల?" అన్నాడు సారు. అని ఊరుకోలేదు, చిత్తుకాగితం లాగి రాసి చూపించినాడు. sin 30 డిగ్రీలంటే అర. sin 90 డిగ్రీలంటే ఒకటి. పైదాన్ని కిందదానితో భాగిస్తే అర. అదే sin రెండూ కొట్టేస్తే మిగిలేది ముప్పై బై తొంభై, అంటే మూడో వంతు. అర ఎక్కడ, మూడో వంతు ఎక్కడ? ఈ లెక్కలో x సున్నా దగ్గరికి పోతాంది గనక, అక్కడ sin 3x అన్నా 3x అన్నా దాదాపు ఒకటే గనక, జవాబు కలిసొచ్చింది. కళ్లు మూసుకుని రోడ్డు దాటినోనికి లారీ తగల్లేదంటే, కళ్లు మూసుకోవడం మంచిదని కాదు గదా అన్నాడు.

అటుగా వచ్చిన పూర్ణిమ ఆ పేపరు చూసి, సార్ వేసిన సున్నా న్యాయమే అన్నది. దాంతో సారు కుర్చీలో ఇంకో రెండంగుళాలు పెరిగినాడు. అదే కొంప ముంచింది. మనిషి ఒకసారి గెలిచినాక కాసేపు పెన్ను ముట్టుకోకూడదు.

తర్వాత పేపర్లో నాలుగు మార్కుల లెక్క. x సున్నాకు పోతాంటే, పైన 1 − cos 4x, కింద sin² 3x. ఎంతకు పోతుంది? పేపరు రాసినోళ్లు కింద ఉన్నదాన్ని sin 3x² అని దించుకున్నారు. పైనున్నదాన్ని 2 sin 2x² అని మార్చినారు. sin నెత్తిన కూర్చోవాల్సిన రెండు పోయి x నెత్తిన కూర్చుంది.

సారుకు నరాలు జివ్వుమన్నాయి. ఇందాక కొట్టేసినోళ్ల కోపం ఇంకా చల్లారలేదు, అది కూడా దీనికే తగులుకుంది. sin స్క్వేర్ ముప్పై అంటే sin ముప్పై విలువను, అంటే అరను, దానితోనే గుణించేది. పావు వస్తుంది. ముప్పైని స్క్వేర్ చేసి sin తీస్తే sin తొమ్మిదొందల డిగ్రీలు, అది సున్నా. పావుకూ సున్నాకూ తేడా తెలీనోళ్లకు మార్కులేందీ అని గొణుక్కుంటా, పైనుంచి కిందికి ఒక గీత లాగి, సున్నా చుట్టి, పేజీ తిప్పేసినాడు. కింద ఏం రాసినారో చూడలేదు. అన్నీ కూడితే డెబ్బై ఐదుకు ఇరవై ఐదు. పాసు కావాలంటే ఇరవై ఆరు. అదీ ఆయన పట్టించుకోలేదు.

పట్టించుకునే పని పూర్ణిమది. పాసుకు ఒకటీ రెండూ తక్కువైన పేపర్లన్నీ ఆమె మొదట్నించీ చివరిదాకా చదువుతాంది. పదకొండున్నరకు సారును తన బల్ల దగ్గరికి పిలిచింది. గదిలో ఎర్ర పెన్నులన్నీ ఒక్క క్షణం ఆగినాయి. సంజీవయ్య అయితే మెడ కూడా తిప్పినాడు.

ఆమె పేపరు ఆయన వైపు తిప్పి, సున్నా కింద వరుసలు చదవమన్నది. సారు నిలబడే చదివినాడు. 2 sin 2x² అన్నదాని కిందే రాసినోళ్లు దాన్ని 2 · sin 2x · sin 2x అని విడదీసినారు. ఒక్కో sin 2x కింద 2x పెట్టినారు, ఒక్కో sin 3x కింద 3x పెట్టినారు, అవన్నీ ఒకటికి పోతాయని రాసినారు. చివరికి రెండు నాలుగులు ఎనిమిది, కింద తొమ్మిది. జవాబు ఎనిమిది బై తొమ్మిది. తప్పు వెతుకుదామన్నా దొరకలేదు.

పూర్ణిమ మెత్తగానే చెప్పింది. మీరు చదివినట్టు x కే స్క్వేర్ అని వీళ్లు అనుకుని ఉంటే, జవాబు నాలుగు బై మూడు వచ్చి ఉండాల సార్, రాలేదు. అంటే తలకాయలో ఉన్నది సరిగ్గానే ఉంది, కాగితం మీద రెండు మాత్రం జారింది అని.

సారు ఒప్పుకోలేదు. చదివేవాడు రాసినోని తలకాయలో దూరి చూడడు, కాగితం మీద ఉన్నదే చూస్తాడు, గుర్తులు గుర్తులే అన్నాడు. గొంతు పెరిగింది. పూర్ణిమ ఎదురు వాదించలేదు. గుర్తు తప్పుకు ఒక మార్కు కోసేద్దాం సార్, మిగతా వరుసలకు ఎంతెంత ఇయ్యాలో మీరే చెప్పండి అని తెల్లకాగితం ముందర పెట్టింది. ఆమె మనసులో వేరే ఎత్తు ఏమీ లేదు. వరుసకు ఇంత అని పంచితే గొడవ తీరిపోతుందని, అంతే.

సారు కాగితం లాక్కున్నాడు. చీఫ్‌కు ఒక క్లాసు పీకినట్టే అని రెండు వేళ్ల నడుమ పెన్ను బిగించి, బోర్డు మీద రాసే వేగంతో రాసినాడు. 1 − cos 4x ఈజ్ ఈక్వల్ టు 2 sin 2x. రాసినాక స్క్వేర్ మరిచినానని గుర్తొచ్చింది. చేయి వెనక్కి పోయి, చివర్లో ఉన్న ఖాళీలో చిన్న రెండు ఇరికించింది. కింద sin 3x, దానికీ అట్లే. ఇంక వరుస వరుసా పక్కన మార్కులేసుకుంటా కిందికి దిగిపోయినాడు.

రాయడం అయినాక తలెత్తినాడు. పూర్ణిమ కాగితం వైపే చూస్తాంది. ఆయన కూడా చూసినాడు.

రెండూ పోయి x నెత్తిన కూర్చున్నాయి.

సారు మొహం ఎర్ర పెన్నుతో పోటీ పడింది. నవ్వాలో కోప్పడాలో తెలీక, రెండూ కలిపి అన్నాడు.

"నేనేం రాసినానో నీకు తెలీదామ్మా?"

"తెలుసు సార్. అందుకే మీరు తప్పు రాసినట్టు నాకు అనిపించలేదు," అన్నది పూర్ణిమ. "వీళ్లు ఎవరో తెలీదు గనక అట్ల చూడలేకపోయినాం, అంతే."

సారు అప్పుడు కూర్చున్నాడు. పేపరు ఎవరిదో ఎవరికీ తెలీదు, ఏ జిల్లాదో కూడా తెలీదు. పైన నంబరు ఉంది, లోపల గుండ్రటి చేతిరాత ఉంది, అంతే. ఎవరి ఇంట్లోనో ఒక పాపో పిల్లోడో ఒక్క మార్కు తక్కువై ఫెయిలని చూసుకుని, ఈ వేసవంతా పుస్తకం ముందర ఏడ్చుకుంటా కూర్చునేటోళ్లు. దానికి కారణం లెక్క రాకపోవడం కాదు, ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఒక మనిషి కింది వరుస చదవకపోవడం. ఆయనకు సిగ్గేసింది. ఇరవై రెండేండ్లలో ఇట్లాంటివి ఎన్ని పోయినాయో. సంతకం పెట్టలేదని ఇన్నాళ్లూ గొప్పలు చెప్పుకున్నాడే, పెట్టాల్సినచోట ఎవరూ పిలవలేదేమో.

సున్నా మీద గీత గీసినాడు. పక్కన మూడు వేసినాడు. ఒక మార్కు మాత్రం కోసినాడు, ఎందుకంటే రెండు కూర్చునే చోట కూర్చోవాల్సిందే, అందులో మార్పు లేదు. ఇరవై ఎనిమిది. సంతకంలో పేరు పూర్తిగా రాసినాడు. తర్వాత తన తెల్లకాగితం కూడా దగ్గరికి లాక్కుని, దాని మీద కూడా నాలుగుకు మూడు వేసి, కింద సంతకం పెట్టి పూర్ణిమకు ఇచ్చినాడు. ఆమె ఇంక ఆపుకోలేక నవ్వేసింది. ఆయన కూడా నవ్వినాడు, కాకపోతే ఆయనకు కండ్లలో నీళ్లు తిరిగినాయి, చెమటని తుడుచుకున్నట్టు తుడుచుకున్నాడు.

పొద్దున్నుంచి దిద్దిన పేపర్లు మళ్లా ఒకసారి చూసుకుంటానమ్మా అని అడిగినాడు. పూర్ణిమ కట్ట ఇచ్చింది. అన్నం గంట కొట్టినారు. సంజీవయ్య క్యారియర్ పట్టుకుని లేచి, రా అన్నా, చల్లారిపోతాది అన్నాడు. నువ్వు తిను, నేను వస్తా అని సారు మొదటి పేపరు తెరిచినాడు. ఎర్ర పెన్ను మూత తీయకుండా పక్కన పెట్టి, జవాబు చివరి వరుస దాకా చదివినాడు.