నీలం గిన్నెలో ఎర్ర దుంపలు

పెళ్లయిన కొత్తలో ఎత్నాకు ఇంట్లో ఉన్నవన్నీ ముద్దొచ్చేవి. కెటిల్ ఈల వేసినా, తలుపు కిర్రుమన్నా ముద్దే. మొగుడు కోర్మక్ రెండు కాళ్లకూ రెండు రకాల మేజోళ్లు తొడుక్కుని వీధిలోకి వెళ్లిపోతే మరీ ముద్దు. అలాంటి ఎత్నాకు మామగారు పంపిన దుంపలు ముద్దు రాకుండా ఎలా ఉంటాయి?

మామగారు ఫెలిమ్ ఎవరింటి సంగతి వచ్చినా ముందు వాళ్లింట్లో దుంపలు ఎలా ఉన్నాయని అడుగుతాడు. మనుషుల సంగతి తర్వాత. తాతల నాటి నుంచి ఏటేటా తీసి, దాచి, మళ్లీ నాటుతున్న ఎర్ర తొక్క బంగాళాదుంప ఒకటి ఆయన దగ్గర ఉంది. చుట్టుపక్కల ఇంకెవరి పొలంలోనూ అది లేదు. కొడుకు కొత్త కాపురానికి ఆయన ఇచ్చింది ఒక గోనెడు వంట దుంపలు, చిన్న పెట్టెడు విత్తనం దుంపలు. గోనె కొట్టంలోకి వెళ్లింది. పెట్టెను కోర్మక్ ఏం చేశాడో ఎత్నా పట్టించుకోలేదు. ఆమె డబ్లిన్ పట్నం పిల్ల. మందుల శాస్త్రం చదువుకుంది. దుంపలు దుకాణంలో పుడతాయన్నంత అమాయకురాలు కాదు గానీ, దుంపకు విత్తనం దుంపేనన్న మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

గోనె అడుగుకు వచ్చేసరికి మిగిలినవాటిలో నున్నగా, ఎర్రగా ఉన్నవి ఏరి, శుభ్రంగా కడిగి తుడిచి, నీలం గిన్నెలో పోసి వంటింటి కిటికీలో పెట్టింది. ఆ ఎరుపూ ఆ నీలమూ చూసి మురిసిపోయి మొగుణ్ణి పిలిచి చూపించింది. కోర్మక్ రైతు బిడ్డే. దుంపను కడిగితే తొందరగా చెడుతుందనీ, వెలుతురు తగలకూడదనీ, మట్టితోనే చల్లటి చీకట్లో గాలాడేలా ఉంచాలనీ ఊయల నుంచే ఎరుగును. కానీ పెళ్లయి ఎన్నాళ్లయిందని! ఆమె గిన్నెలో బొగ్గులు పోసి పెట్టినా అలాగే మెచ్చుకునేవాడు.

ఆ తర్వాత ఒక గురువారం ఎత్నా ఇల్లంతా దులుపుతూ, వాడకంలో లేని చిన్న గదిలోకి వెళ్లింది. కిటికీ కింద గుడ్ల అట్టల్లో దుంపలు బారుగా కూర్చుని ఉన్నాయి. ఒళ్లంతా ఆకుపచ్చ. నెత్తిన పొట్టి, లావుపాటి ఊదారంగు మొలకలు. పాపం, ఇక్కడ పెట్టి మరిచిపోయాడు, అనుకుంది. చదువుకున్నదంతా ఒక్కసారి గుర్తుకొచ్చింది. ఆ పచ్చదనం దానంతటది చెడ్డది కాదు. వెలుతురు తగిలిందని చెప్పే గుర్తు. అదే వెలుతురుకి లోపల సోలనిన్ అనే చేదు విషం కూడా పేరుకుంటుంది. మొలకల్లో మరీ ఎక్కువ. ఉడికించినా వేయించినా అది పోదు. తిన్నవాళ్లకు కడుపు నొప్పి, వాంతులు. గట్టిగా ఉన్న దుంపకు అక్కడక్కడ పచ్చ మచ్చ ఉంటే మందంగా చెక్కు తీసి, మొలకలొచ్చే కళ్లు లోతుగా తవ్వి వండుకోవచ్చు గానీ, ఇలా ఒళ్లంతా పచ్చబడ్డవి పారేయాల్సిందే. అట్టలతో సహా చెత్తడబ్బాలో పోసింది. శుక్రవారం బండి వచ్చి పట్టుకుపోయింది. మొగుణ్ణి కాపాడుకున్నానన్న సంతోషంతో, అతన్ని చిన్నబుచ్చడమెందుకని ఆ సంగతే ఎత్తలేదు.

ఆదివారం పొద్దున ఫోను మోగింది. మాట్లాడి వచ్చిన కోర్మక్ ముఖం దిగులుగా ఉంది. అటక మీద నాన్న దాచుకున్న విత్తనమంతా మొన్నటి మంచుకి గడ్డకట్టి, కరిగి, నీరుగారిపోయిందట. మధ్యాహ్నం భోజనానికి అమ్మానాన్నా వస్తున్నారట.

"మనకిచ్చిన పెట్టె ఉంది కాబట్టి సరిపోయింది," అన్నాడు. "అందులో సగం పట్టుకెళ్తాడట. చిన్న గదిలో చూశావుగా, ఎంత బాగా పచ్చబడ్డాయో. వెలుతురులో ఉంచితేనే మొలక పొట్టిగా, గట్టిగా వస్తుంది. నాటేటప్పుడు విరగదు."

ఎత్నా నోట్లో రొట్టె ముక్క నోట్లోనే ఉండిపోయింది. అది మింగి నిజం చెప్పేలోపు అతను తల్లిదండ్రులను తీసుకురావడానికి కారెక్కి వెళ్లిపోయాడు.

ఒక వంశం దుంపను చెత్తబండి ఎక్కించానని మామగారికి ఎలా చెప్పడం? ముందు కడుపు నిండా పెట్టి తర్వాత చెబుదామనుకుంది. గోనె ఖాళీ. కొన్న దుంపలు ఫెలిమ్ ముందు పెట్టడమంటే పాదిరి ముందు దొంగ దేవుణ్ణి పెట్టినట్టే. మిగిలింది నీలం గిన్నె. అందులోంచి ఒకటి తీసి తిప్పి చూసింది. గదివైపు ఎర్రగా నవ్వుతున్న దుంప కిటికీవైపు పచ్చగా ఉంది. కంటికొక చిట్టి మొలక కూడా. ఇన్నాళ్లూ ఆమె చూసి మురిసింది ఆ ఎర్ర పక్కనే. మందంగా చెక్కు తీసింది. కింద పచ్చ. ఇంకా తీసింది. ఇంకా పచ్చ. చివరికి గోలీకాయంత మిగిలింది. ఎదుటివాళ్లవి పచ్చబడితే విషం, నావి పచ్చబడితే వంటా, అని తనను తానే తిట్టుకుంది. గిన్నె రెండు చేతులతో ఎత్తి చెత్తడబ్బా దగ్గరకు నడిచింది.

అప్పుడే అందరూ లోపలికి వచ్చారు. ఫెలిమ్ కోటు కూడా విప్పకుండా చిన్న గదిలోకి వెళ్లి, అంతే వేగంగా తిరిగొచ్చాడు.

"ఏవమ్మాయీ, నా దుంపలు?"

"పారేశానండి," అంది ఎత్నా. "తినేవనుకున్నాను. పచ్చగా ఉంటే మీ అబ్బాయికి ఏమన్నా అవుతుందేమోనని. శుక్రవారం బండిలో వెళ్లిపోయాయి."

కోర్మక్ గోడవైపు చూశాడు. అత్తగారు డింఫ్నా మాత్రం నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుని, "మొగుడి మీద ఆమాత్రం శ్రద్ధ నాకుంటే నేనూ ఈ పాటికి చాలా పారేసేదాన్ని," అంది.

ఫెలిమ్ ఆ మాట వినలేదు. ఆయన చూపు గిన్నె మీద ఉంది. దగ్గరికొచ్చి ఒక దుంప తీసి, బొటనవేలితో మొలకను మెల్లగా తాకాడు.

"ఇవి నా గోనెలోవేనా?"

"మీవే. అందంగా ఉన్నాయని కిటికీలో పెట్టాను. ఇవీ పాడైపోయాయి. అందుకే పారేద్దామని."

"గిన్నె కింద పెట్టు తల్లీ," అన్నాడు. పాల కుండను చేతిలో పట్టుకున్న పిల్లతో మాట్లాడినంత మెల్లగా అన్నాడు. "కుక్కకి కూడా పెట్టకూడదు ఇవి, నిజమే. కానీ దుంప పచ్చబడితే వంటకే చెడింది, మట్టికి కాదు. చూడు, ఈ పెద్దదానికి ఎన్ని కళ్లున్నాయో. ముక్కకో కన్ను ఉండేలా కోసి, కోసిన చోటు ఆరనిచ్చి నాటితే ముక్కకో మొక్క. మార్చిలో సెయింట్ పాట్రిక్ పండుగకి మన ఎర్రది మళ్లీ నేలలో ఉంటుంది."

ఆ తర్వాత బల్ల మీద చెక్కు తీసిన గోలీకాయ ఆయన కంట పడింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. కళ్లన్నీ పోయాయి దీనికి, అని మాత్రం అన్నాడు. తనే తీసుకెళ్లి చెత్తడబ్బాలో వేసి, టోపీ సర్దుకున్నాడు.

మళ్లీ ఎవరూ పారేయకుండా గిన్నె కోటు కిందికి, ఫెలిమ్ ఒళ్లోకి చేరింది. ఇక భోజనం సంగతి. ఇంట్లో ఉన్నది మాకరోనీ పొట్లం ఒక్కటే. ఎత్నా సిగ్గుపడుతూనే వండింది. ఫెలిమ్ జీవితంలో దుంప లేని ఆదివారం భోజనం అదే మొదలు. ఒక మాకరోనీ గొట్టాన్ని ఫోర్కుతో ఎత్తి, ఒక కన్ను మూసి, రెండో కంటితో దాని కన్నంలోంచి కోడలిని చూశాడు.

"దీనికి కన్ను ఒకటే ఉందే," అన్నాడు. "నాటితే మొలుస్తుందా?"

"కిటికీలో పెట్టి చూస్తానండి," అంది ఎత్నా.

డింఫ్నా ఇంకొంచెం వడ్డించమని పళ్లెం ముందుకు జరిపింది.