బయోడీజిల్ సీసా

"ఇచ్చట బయోడీజిల్ ఇంజన్లు బాగుచేయబడవు" అని చుండూరులో నా షెడ్డు తలుపు మీద సుద్దతో రాసిపెట్టాను. అయినా కుసుమకుమారిగారు ఆగిపోయిన ట్రాక్టరును లాగించుకొచ్చారు. డీజిల్లో నూటికి ఇరవై పాళ్ళు బయోడీజిల్ కలిపారట.

"చలికి గడ్డకట్టుంటుందమ్మా, కొబ్బరినూనెలాగ," అన్నాను విసురుగా.

ఆమె సంచిలోంచి సీసా తీశారు. "అదే నూనె. తెల్లారేదాకా వాకిట్లోనే పెట్టానండి. చూడండి, తేటగానే ఉంది. పాతదీ కాదు, డ్రమ్ము తెచ్చి నెల కూడా కాలేదు."

సీసా వెలుతురుకు ఎత్తి చూసి, పానా అందుకున్నాను. ఫిల్టరు విప్పితే అంతా నల్లటి మడ్డి. పదిహేనేళ్ళుగా ట్యాంకు అడుగున పేరుకున్నదాన్ని కొత్త నూనె కడిగి తెచ్చింది. పాత రబ్బరు పైపు కూడా ఉబ్బి మెత్తబడింది. ట్యాంకు కడిగి, కొత్త ఫిల్టరూ, బయోడీజిల్‌కు తట్టుకునే పైపూ వేశాను. పైపుల్లో చేరిన గాలి తీసి, తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

"అయితే నూనె మంచిదేనాండి?"

"మంచిదేనమ్మా. ఆర్నెల్లు దాటి నిలవ ఉంచకండి, అంతే. మురికి మనది."

ఆమె వెళ్ళాక తలుపు మీది రాత తుడిచేసి, కొత్తది రాశాను: "ఇచ్చట ముందుగా ట్యాంకు కడగబడును."