చూసి చెప్తానండీ

భీమవరంలో రొయ్యల మేత అమ్మే షాపు పైన ప్రణతి వాళ్ల ఆఫీసు. చెరువులో ఒక పరికరం దింపి, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో రైతు ఫోన్‌లో చూపించే, తగ్గితే అలారం మోగించే యాప్ వాళ్లది. ప్రణతిలాంటి వాళ్లు ఆఫీసులో కూర్చుని ప్రోగ్రాములు రాస్తారు. జీవరాజులాంటి ఫీల్డువాళ్లు మోటారుసైకిళ్ల మీద చెరువుగట్ల వెంట తిరుగుతూ పరికరాలు బిగిస్తారు, రైతుల అనుమానాలు తీరుస్తారు. ఈ రెండు పక్షాలనీ కలిపేది ఫోన్‌లోని టీమ్ చానల్ ఒక్కటే.

ఆ చానల్‌లో పుట్టినరోజు శుభాకాంక్షల కింద, మధ్యాహ్నం బిర్యానీ ఎవరెవరికని లెక్కల కింద, గట్టుమీంచి వచ్చిన ప్రశ్నలు కూరుకుపోయేవి. జీవరాజు మంచివాడే గాని మొహమాటం లేనివాడు. ఆఫీసుకి ఫోన్ చేసి, “మేడమ్ గారూ, నిన్న నేనడిగింది గోదాట్లో కలిసిందా అండీ? ఇక్కడ రైతు నా మొహం చూస్తా నిలబడ్డాడు” అనేవాడు. ఆ పోరు పడలేకే ప్రణతి ఒక బాట్‌ని, అంటే తనంతట తానే చానల్ చదివే చిన్న ప్రోగ్రాముని, తయారుచేసింది.

అది చేసే పని చిన్నదే. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి చానల్‌లోని పాత సందేశాలన్నీ ఒకసారి చదువుతుంది. ప్రశ్నలా కనిపించిన వాటిలో జవాబు రానివన్నీ, అడిగినవాళ్ల పేర్లతో సహా ఏరి, ఒక పట్టీగా చానల్‌లో పైన పెడుతుంది. ఎవరికో అప్పగించి ఇంకా పూర్తికాని పనులని వాటి కింద చేరుస్తుంది. ఫీల్డువాళ్లు ప్రశ్నార్థకం పెట్టే రకం కాదు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేస్తారు. అందుకని ‘ఏంటి, ఎలా, ఎప్పుడు, వస్తదా’ లాంటి మాటలు ఎన్ని రకాలుగా రాస్తారో అన్నీ పోగేసి దానికి నేర్పించింది.

మొదట్లో ఒక ప్రశ్న ఆ పట్టీలోంచి పోవాలంటే అడిగినవాళ్లే దానిమీద టిక్కు పెట్టాలని నియమం. చెరువులో చేతులు పెట్టినవాళ్లకి టిక్కులు గుర్తుంటాయా? జవాబొచ్చిన ప్రశ్నలు కూడా అలాగే ఉండిపోయేవి. కొన్నాళ్లకి ఆఫీసులో సగంమంది దాన్ని చూడటమే మానేశారు.

“చాంతాడంత ఉందమ్మా, ఎవడు చదువుతాడు?” అన్నాడు మేనేజరు ప్రసన్నకుమార్. “కాస్త కుదించు.”

ప్రణతి నియమం మార్చింది. ప్రశ్న కింద వేరేవాళ్లెవరైనా ఏదైనా రాస్తే చాలు, జవాబు వచ్చినట్టే. ఆ మర్నాడు పట్టీ అరచేతిలో ఇమిడిపోయింది. ఇంకొన్నాళ్లకి ‘జవాబు రాని ప్రశ్నలు: లేవు’ అని కూడా వచ్చింది. ప్రసన్నకుమార్ దాన్ని ఫోటో తీసి హైదరాబాదులో ఉన్న కంపెనీ పెద్దాయనకి పంపించాడు. ప్రణతికి గర్వంగానే అనిపించింది.

ఆ రోజుల్లోనే జీవరాజు ఆకివీడు వైపునుంచి ఒక ప్రశ్న పెట్టాడు. అచ్యుతరామరాజు గారి చెరువు దగ్గర సిగ్నల్ సరిగా ఉండటం లేదు. సిగ్నల్ పోయినప్పుడు అలారం వస్తదా, రాదా అని రాజుగారు అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు, అని.

ప్రణతి చూసింది. వెంటనే చెప్పగలిగే సంగతి కాదు, ప్రోగ్రాం తెరిచి చూడాలి. ఆ పొద్దున యాప్ కొత్త వెర్షన్‌లో చాలామంది రైతులకి లాగిన్ కావడం లేదు, ఫోన్లు మోగిపోతున్నాయి. ‘చూసి చెప్తానండీ’ అని ప్రశ్న కింద రాసి ఆ గొడవలో పడిపోయింది. సాయంత్రానికి లాగిన్ బాగుపడింది. జీవరాజు ప్రశ్న ఆమె తలలోంచి జారిపోయింది. మర్నాటి పట్టీలోనూ అది లేదు. జవాబు వచ్చిన ప్రశ్న కదా మరి!

తరవాతి నెల ఒక పొద్దున ఆమె ఇంకా ఇంట్లో కాఫీ తాగుతుండగా జీవరాజు ఫోన్ చేశాడు. గొంతు మామూలుగా లేదు.

“రాజుగారి చెరువు పోయిందండీ. తెల్లారగట్ట కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయినై. టవరు కూడా పోయినట్టుంది. అలారం మోగలేదు. ఫోన్‌లో ఆక్సిజన్ బానే ఉన్నట్టు చూపిస్తా ఉంది.”

ప్రణతి కాఫీ అక్కడే పెట్టేసి ఆఫీసుకి పరుగెత్తి ప్రోగ్రాం తెరిచింది. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆక్సిజన్ తగ్గిందని పరికరం చెబితేనే అలారం. పరికరం అసలేమీ చెప్పకపోతే యాప్ చివరిసారి వచ్చిన అంకెనే చూపిస్తూ కూర్చుంటుంది. జీవరాజు అడిగిన ప్రశ్నకి జవాబు అదే: రాదు.

ప్రసన్నకుమార్ కారులో అతనూ ప్రణతీ ఆకివీడు వెళ్లారు. గట్టుమీద కూలీలు చచ్చిన రొయ్యల్ని వలలతో లాగి కుప్పలు పోస్తున్నారు. అచ్యుతరామరాజు గారు మోటారు షెడ్డు అరుగు మీద కూర్చుని ఉన్నారు. పక్కన జనరేటరు ఉంది, ఎవరైనా లేచి ఆన్ చేస్తే సరిపోయేది.

“రండమ్మా” అన్నారాయన. ప్రణతి అరుగు దగ్గరికి వెళ్లి నిలబడింది.

“ఇదివరకు కాపలా వాడూ నేనూ వంతులేసుకుని మేలుకునేవాళ్లం” అన్నారు ఆయనే మళ్లీ. “ఫోన్ ఉంది కదా, మోగుద్దిలే అని ఈమధ్య కాస్త కునుకు తీస్తన్నాం. సిగ్నల్ సంగతేంటో అని అడిగించాను కూడాను.”

పొద్దుట్నుంచీ అక్కడే ఉన్న జీవరాజు తల వంచుకుని నిలబడ్డాడు. ప్రణతి అతణ్ని పక్కకి పిలిచింది.

“నేను మర్చిపోయాను సరే. మళ్లీ ఒక్కసారి అడగలేకపోయారా జీవరాజు గారూ?”

అన్న మరుక్షణమే ఆ మాట అనకుండా ఉండాల్సిందనిపించింది.

“మీరు చూస్తానన్నారు కదండీ” అన్నాడతను మెల్లగా. “రోజూ పొద్దున్నే పట్టీ చూస్తానే ఉన్నాను. అందులో నా ప్రశ్న లేదు. లేదంటే మీరు చూసేసి, సరిచేసేసి ఉంటారనుకున్నాను. రాజుగారు మళ్లీ అడిగితే, ఫరవాలేదండీ, పడుకోండని నేనే చెప్పాను.”

తిరుగు దారిలో ప్రసన్నకుమార్ ఒక్కటే అన్నాడు. “కుదించమన్నది నేనే. నీ ఒక్కదాని మీదా వేసుకోకు.” ఆ ఓదార్పు ఆమెకి అంటలేదు.

ఆ వారమే అలారం సరిచేశారు. పరికరం కాసేపు పలక్కపోతే ఇప్పుడు, సిగ్నల్ లేకపోయినా, రైతు ఫోన్‌లో యాప్ తనంతట తానే మోగుతుంది. ప్రణతి బాట్ నియమమూ మార్చింది. అడిగినవాళ్లు టిక్కు పెడితేనే ప్రశ్న తీరినట్టు. ఎవరైనా ‘చూస్తాను’, ‘చెప్తాను’ అని రాస్తే అది జవాబు కాదు, వాళ్ల పేరు మీద పడే పని. పాత సందేశాలమీద నడిపించి చూస్తే పట్టీ మళ్లీ చాంతాడంత అయింది. అందులో ఆమె పేరే ఎక్కువసార్లు ఉంది. కూర్చుని ఒక్కొక్కటీ తీర్చింది.

అచ్యుతరామరాజు గారు పరికరాన్ని కడిగించి, గోనెసంచిలో చుట్టి ఆఫీసుకి పంపించేశారు. చీటీ కూడా లేదు.

జీవరాజు ఉద్యోగం మానలేదు. పరికరాలు బిగిస్తూనే ఉన్నాడు. కాని చానల్‌లో ప్రశ్న పెట్టడం మానేశాడు. రైతులు ఏమడిగినా, “అది నమ్ముకోకండి, మీ కళ్లతో మీరు చూసుకోండి” అని చెప్పి వచ్చేస్తున్నాడని తెలిసింది. ప్రణతి ఒకటి రెండుసార్లు తనే ఫోన్ చేసి, “ఏమైనా అనుమానాలుంటే అడగండి జీవరాజు గారూ, వెంటనే చూస్తాను” అంది.

“అలాగేనండీ” అన్నాడు మర్యాదగా.

రోజూ తొమ్మిదింటికి పట్టీ వస్తుంది. ఆమె పైనుంచి కిందిదాకా అతని పేరు కోసమే వెతుకుతుంది.